చెన్నకేశవులు గురించి అడిగిన జాబు

నా రాతలో తప్పులుంటే మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండో ఏట. ఒక పుట రాయడానికి రెండు పూటలు పడుతుంది, ఒత్తుల దగ్గర చెయ్యి ఇప్పటికీ ఆగిపోతుంది. అయినా ఈ కథ ఇంకొకరి చేత రాయించబుద్ధి కాలేదు. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ధర్మవరంలో రామమూర్తి శెట్టి పట్టు అంగడి మూతపడి రెండేళ్ళయింది. శెట్టి పోయాక అంగడి నడిపేవాళ్ళు లేరు. ఆయన భార్య రుక్మిణమ్మ ఆ ఇంట్లోనే వెనక భాగంలో ఉంటోంది. ముందు భాగంలో మరిది చిన్నప్ప కాపురం. రుక్మిణమ్మ తినే రెండు పూటల ముద్ద కూడా మరిది ఇంటి పొయ్యి మీద నుంచి వచ్చేదే.

పందొమ్మిది వందల అరవై ఒకటి, ఉగాది దాటిన బుధవారం. ఆమె అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే పోస్టు మనిషి ఒక జాబు ఇచ్చి వెళ్ళాడు. హిందూపురం ముద్ర. చిన్నప్ప అప్పుడే భుజాన టవలు వేసుకుని బయలుదేరుతున్నాడు.

"ఏమొదినా, హిందూపురం జాబా? ఎవురు పోయినారు?"

"పోయినోళ్ళు ఎవురూ లేరు. బతికినోళ్ళ సంగతే ఏదో ఉండాది."

"నువ్వు చదివేసరికి వాళ్ళూ పోతారులే" అని నవ్వి, ఆగి నిలుచున్నాడు.

రుక్మిణమ్మకు చదువు చెప్పింది పక్కింటి రామసుబ్బమ్మ, బడిపంతులు భార్య. మూడేళ్ళు పలక మీద దిద్ది దిద్ది ఇప్పటికి జాబు తనే చదువుకోగలుగుతోంది. వేలు పెట్టి చదివింది.

హిందూపురం పట్టు వర్తకుడు తిమ్మప్ప శెట్టి రాశాడు. "పెనుకొండ వాసి చెన్నకేశవులు మా అంగడిలో పట్టు తూచి మగ్గాల వాళ్ళకు ఇచ్చే పని అడుగుతున్నాడు. మీ దగ్గర పనిచేసినట్టు చెప్పి, మిమ్మల్ని విచారించమని తనే పేరిచ్చినాడు. ఎన్నేళ్ళు చేసినాడు, ఏమేమి పనులు చూసినాడు, ఎందుకు మానినాడు, నడత ఎట్లాంటిది, ఈ నాలుగూ తెలియజేయగలరు. మీరు రాసేది నా దగ్గరే ఉంటుంది. అతనికి గాని ఇంకొకరికి గాని చూపించను."

"ఎవుర్ది?" అన్నాడు చిన్నప్ప.

"చెన్నకేశవులు సంగతి అడుగుతాండారు."

"ఆ తడి పట్టుగాడా!" చిన్నప్ప చెయ్యి ఊపాడు. "రాయి, బాగా రాయి. నీళ్ళు చల్లి తూకం నింపినాడని రాయి. ఆ శెట్టి మనకు దండం పెడతాడు."

"వాడు చల్లింది నువ్వు చూసినావా?"

"చూసేదేముందొదినా, పట్టు తడిసుండ్లా? అది చాలదా?"

ఆమె జాబు మడిచింది. అతను టవలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

చెన్నకేశవులు పదునాలుగేళ్ళు వాళ్ళ అంగడిలో చేశాడు. చిన్న వయసులో చేరి, పెళ్ళి కూడా అక్కడ ఉండగానే చేసుకున్నాడు. మగ్గాల వాళ్ళకు పట్టు కట్టలు తూచి ఇవ్వడం, చీర వచ్చాక మళ్ళీ తూచి తరుగు చూసుకోవడం, తూకపు రాళ్ళు సరిపోయాయో లేదో రోజూ పొద్దున పరీక్ష చేయడం అతని పని. చాలా నిదానం. తక్కెడ ముల్లు నిలిచేదాకా ఊపిరి కూడా వదిలేవాడు కాదని ముసలి నేతగాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. "కేశవన్న తూచేలోపు మా చీర అయిపోతుంది" అనేవాళ్ళు.

నాలుగేళ్ళ కింద కార్తీకంలో ఒక పొద్దున కొట్టు గదిలో పదకొండు కట్టలు తడిగా కనబడ్డాయి. పట్టు నీరు తాగుతుంది, తాగితే బరువెక్కుతుంది. కట్టలోంచి కొంత తీసేసి నీళ్ళు చల్లితే తూకం సరిగ్గా వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ఈ సంగతి పట్టు వ్యాపారం చేసేవాళ్ళందరికీ తెలిసినదే. ఆ మాట మొదట అన్నది చిన్నప్ప. రామమూర్తి శెట్టికి కోపం వచ్చినా, అనుమానం వచ్చినా ఒకటే దారి. అప్పటికప్పుడు చెన్నకేశవుల్ని పని మానుకోమన్నాడు. అతను వాకిట్లో నిలబడి "ఆరబెట్టి తూచండి శెట్టిగారూ" అని రెండుసార్లు అడిగాడు. ఎవరూ తక్కెడ తీయలేదు. పైపంచె దులుపుకుని వెళ్ళిపోయాడు.

ముందు రోజు కొట్టు గది పైన పెంకులు దించి, మారుస్తామని చెప్పి, సగం అలాగే వదిలేసింది చిన్నప్పే. ఆ రాత్రి జల్లు పడింది. తెల్లారి గది గోడన నీటి చార ఉండటం రుక్మిణమ్మ చూసింది. కట్టలను నీడన ఆరబెట్టిందీ ఆమే. అక్షరాలు అప్పటికి రాకపోయినా అంకెలు తెలుసు, మూడో రోజు ఒక్కొక్కటీ తూచింది. ప్రతి కట్టా దాని మీద కట్టిన చీటీలో ఉన్న బరువుకు సరిపోయింది. ఒక్కటీ తగ్గలేదు. మొగుడికి చెబితే విని, "వెళ్ళగొట్టినోణ్ణి ఎట్ల పిలుస్తాం? శెట్టి తప్పు చేసినాడని ఊరంతా అనుకోదా?" అన్నాడు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రెండేళ్ళకు శెట్టి పోయాడు.

హిందూపురం జాబు వచ్చిన సాయంత్రమే ఆమె బదులు రాయడానికి కూర్చుంది. రామసుబ్బమ్మ వచ్చి "నేను రాసిపెట్టనా అక్కా?" అంది.

"వద్దు తల్లీ. ఒకరి గురించి ఒకరికి చెప్పే మాట. నీ చెవిన పడితే నీ మొగుడి చెవిన పడ్తది, ఆయన చెవిన పడితే బడంతా తెలుస్తది."

"అయితే నేను పోతా. రాత తప్పులు నీవే" అని నవ్వుతూ వెళ్ళింది.

రుక్మిణమ్మ రాసింది ఇది. "చెన్నకేశవులు మా అంగడిలో పదునాలుగేళ్ళు చేసినాడు. పట్టు తూచి ఇచ్చుట, చీరలు తూచి తీసుకొనుట చూసినాడు. మా యజమాని మానుకోమన్నారు. పనిలో నిదానము. రాళ్ళ దగ్గర అతనికి పొరపాటు రాదు. అంగడి ఇప్పుడు మూతపడినది."

తడి కట్టల దగ్గరికి వచ్చి కలం ఆగింది. పెంకుల సంగతి రాస్తే మరిది పేరు బజారుకెక్కుతుంది. మరిది ఇంటి ముద్ద తింటూ మరిది తప్పు పరాయి ఊరికి రాసి పంపడం ఆమెకు చేతకాలేదు. చూడనిది ఏదీ రాయలేదు కదా, అని మనసుకు నచ్చజెప్పుకుంది. చిన్నప్ప చెప్పిన దొంగతనం మాట రాయలేదు. నిజమే రాసింది. కానీ నిజం మొత్తం రాయలేదు. మర్నాడు జాబు పోస్టులో వేసింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం చెన్నకేశవులు వచ్చాడు. చెప్పులు వీధి గుమ్మం దగ్గర వదిలి, లోపలికి రాకుండా పెరటి గోడ పక్క నిలబడ్డాడు. నలభై కూడా లేవు, చెంపలు లోపలికి పోయాయి.

"బాగుండావా కేశవా? కూర్చో. మజ్జిగ తెస్తా."

"వద్దమ్మా. ఒక్క మాట అడిగి పోతా." గొంతు తగ్గించాడు. "హిందూపురంలో శెట్టిగారు నన్ను సోమవారం రమ్మని నోటితోనే చెప్పినారు. మీ జాబు రావాల, అంతే అన్నారు. మొన్న చీటీ పంపినారు, పని ఖాళీ లేదని. ఖాళీ ఉండాదమ్మా. నేను చూసొచ్చినా, తక్కెడ దగ్గర ఎవురూ కూర్చోలేదు."

"నేను నీ గురించి చెడ్డమాట రాయలేదప్పా."

"రాసినారని అనడంలేదు. ఏం రాసినారని కూడా అడగను, ఆయన చెప్పరు, మీరూ చెప్పకూడదు. కానీ నాలుగేళ్ళుగా నా పేరు చెప్పిన ప్రతిచోటా ఇట్లే అవుతాది. పెనుకొండలో మామగారి చేనిలో వేరుశనగ పీకుతాండా. నా పిల్లోళ్ళు ‘నాయనా, నువ్వు తూచేది మేము ఎప్పుడు చూస్తాం’ అంటాండారు. ఇది కూడా పోతే ఇంక ఏ అంగడి మెట్లూ ఎక్కను. అంతే చెప్పిపోదామని."

అతను చెప్పులు వేసుకుని స్టేషను వైపు నడిచాడు. రుక్మిణమ్మ వాకిట్లో చాలాసేపు నిలుచుంది. 

మర్నాడు పొద్దుటి ప్యాసింజరు ఎక్కింది. చిన్నప్పతో హిందూపురంలో చుట్టాల్ని చూసొస్తానని చెప్పింది. పెనుకొండ కొండ కిటికీలోంచి దగ్గరవుతుంటే తల తిప్పుకుంది. మలుగూరు దాటాక ఎండ ముదిరింది. రైలు బొగ్గు నుసి కంట్లో పడి కొంగుతో ఒత్తుకుంటూ ఉంది. తను ఏం మాట్లాడాలో ముందే అనుకుని రెండుసార్లు పెదవులు కదిపి చూసుకుంది. మూడోసారికి అంతా మరిచిపోయింది.

తిమ్మప్ప శెట్టి అంగడి బజారు మూలన ఉంది. రామమూర్తితో పాత స్నేహం కాబట్టి ఆమెను గుర్తుపట్టి లేచి నిలుచున్నాడు. అరవై దాటిన మనిషి, కళ్ళద్దాలకు దారం కట్టుకున్నాడు.

"రా వదినా, ఎంత ఎండలో వచ్చినావు! ఒరే, నీళ్ళు తే." నీళ్ళు తాగాక అడిగాడు. "ఏమి సంగతి?"

"నేను రాసిన జాబు గురించి అడగాలని వచ్చినా శెట్టిగారూ. అందులో ఏం తప్పుండాది?"

అతను ఆమె ముఖం చూశాడు. గల్లాపెట్టె కింద అరలోంచి మడత కాగితం తీశాడు. "తప్పేమీ లేదు. అక్షరాలు బాగుండాయి. నువ్వే రాసినావా? మెచ్చుకోవాల. కానీ వదినా, ఆఖరి మాట లేదు కదా."

"ఏ ఆఖరి మాట?"

తిమ్మప్ప శెట్టి ఆశ్చర్యపోయాడు. "రామమూర్తి ఎన్ని రాసినాడు మాకు ఇట్లాంటివి! నువ్వెరగవా? పట్టు అంగళ్ళ వాళ్ళం మనిషి గురించి రాసేటప్పుడు ఆఖరున ‘మళ్ళా వస్తే పెట్టుకుంటాం’ అని రాస్తాం. ఆ మాట ఉంటే చాలు, మిగతాది చదివేది కూడా లేదు. ఆ మాట లేకపోతే, పైన ఎంత మంచి రాసినా సరే, ‘నోరు విప్పలేక ఊరుకున్నాం, జాగర్త’ అని అర్థం చేసుకుంటాం. తిట్టి రాస్తే ఒకరి పొట్ట కొట్టినట్టు అవుతాది, అందుకని ఎవురూ తిట్టరు. ఊరుకుంటారు. పైగా నువ్వు ‘యజమాని మానుకోమన్నారు’ అని రాసి ఆపేసినావు. అంటే నేనేం అనుకోవాల?"

 మొగుడు అంగట్లో రాసేవాడు, రుక్మిణమ్మ వంటింట్లో ఉండేది. ఆ ఆచారం ఆమెకు తెలిసే వీలెక్కడిది? తెలిసిన వాళ్ళను అడుగుదామంటే గుట్టు బయటపడుతుందని తనే తలుపు వేసుకుని రాసింది.

"అంగడే లేదు కదా శెట్టిగారూ, మళ్ళా పెట్టుకుంటామని ఎట్ల రాస్తా? అబద్ధం కాదా? అందుకే మూతపడిందని రాసినా."

"ఆహా! నీ లెక్క అట్లా పోయిందా?" అని తిమ్మప్ప శెట్టి పెదవి విరిచి నవ్వాడు. వెంటనే నవ్వు ఆపాడు. "సరే. ఆ మాట ఆచారానికి రాస్తే చాలదు వదినా, మనసులో ఉండాల. ఇప్పుడు అడుగుతాండా. అంగడి ఉండి ఉంటే, వాణ్ణి మళ్ళా తక్కెడ దగ్గర కూర్చోపెడ్తావా? మానుకోమన్నది ఎందుకు?"

రైల్లో మరిచిపోయిన మాటలు ఇప్పుడు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. పెంకులు, జల్లు, గోడన నీటి చార, మూడో రోజు తూచిన పదకొండు కట్టలు, అన్నీ చెప్పింది. పెంకులు ఎవరు దించారో కూడా చెప్పింది. 

"నేను కళ్ళతో చూసింది చెప్తాండా. ఆ పొద్దు ‘ఆరబెట్టి తూచండి’ అని రెండుసార్లు అడిగినాడు వాడు. ఎవురూ తూయకముందే పంపించినాం. తూచినాక నేను నోరు మూసుకున్నా. అది నా తప్పు. వాడి తప్పు కాదు."

తిమ్మప్ప శెట్టి కళ్ళద్దాలు తీసి తుడిచాడు. "ఇవన్నీ నోటితో చెప్తే నేను మరిచిపోతా, రేపు నాకే అనుమానం వస్తే చూసుకునేదేమీ ఉండదు. కాగితం మీద పెట్టు. నీ మరిది పేరు అక్కర్లేదు. నేను అడిగింది ఆ మనిషి సంగతి, నీ ఇంటి సంగతి కాదు. పెంకులు లేని చోట వాన పడింది, కట్టలు తడిసినాయి, ఆరినాక తూకం సరిపోయింది. అంతే రాయి."

ఆమె గద్దె అంచున కూర్చుని అక్కడే రాసింది.  గిరాకీలు వచ్చి పోతుంటే తల వంచుకునే రాసింది. అతను అడగకుండానే పక్కన నీళ్ళ చెంబు పెట్టించాడు. చివరన ఇలా ఉంది. "యజమాని తొందరపడి మానిపించినారు. తూకము సరిపోయిన పిమ్మట పిలువలేదు. ఆ తూకము నేనే చూసినాను. పనిలో నిదానము, మందలిస్తే ఎదురు పలకడు, తక్కెడ దగ్గర రెండోసారి చూడవలసిన అవసరము లేదు. అంగడి మూతపడినది గాని, ఉండి ఉంటే రేపే పిలిచి పెట్టుకొందును."

తిమ్మప్ప శెట్టి రెండుసార్లు చదివాడు. మొదటి జాబును దీనితో కలిపి మడిచి అరలో పెట్టాడు.

"ఇప్పుడు రెండు జాబులూ ఒకదానికొకటి సరిపోయినాయి. నేను వాణ్ణి పిలిపిస్తా వదినా. ‘పెడ్తా’ అని నీకు మాట ఇవ్వలేను. వాణ్ణి నా కళ్ళతో తూయనిచ్చి చూడాల గదా. కానీ పిలిపిస్తా. బేస్తవారం." కార్డు తీసి ఆమె ఎదుటే పెనుకొండకు రెండు వాక్యాలు రాసి మనిషి చేత పోస్టులో వేయించాడు. "నువ్వు రాసింది వాడికి చెప్పను. నువ్వు చెప్పుకుంటే నీ ఇష్టం."

"దాచేది ఇంకేం లేదు" అంది ఆమె.

తిరుగు రైలు మధ్యాహ్నం బయలుదేరింది. ఆమె పెనుకొండలో దిగింది. స్టేషను నుంచి జట్కాలో ఊళ్ళోకి పోయి, చెన్నకేశవులు మామగారి ఇల్లు అడిగి తెలుసుకుంది. అతను చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. భార్య ఈరక్క పీట వేసి నీళ్ళిచ్చింది.

"శెట్టిగారి కార్డు వస్తాది నీకు. బేస్తవారం రమ్మని" అంది రుక్మిణమ్మ.

అతని ముఖంలో నాలుగేళ్ళ తరువాత మొదటిసారి రక్తం వచ్చినట్టయింది. "నిజమా అమ్మా! మీరే పోయి చెప్పినారా?"

"ముందుది విను." ఆమె నీళ్ళ చెంబు కింద పెట్టింది. "నువ్వు పోయిన మూడో నాడే నేను కట్టలు తూచినా. సరిపోయినాయి. నాకు తెలుసు. మీ శెట్టికి చెప్పినా. ఆయన వద్దన్నారు, నేను ఊరుకున్నా. నిన్న నువ్వు పెరట్లో నిలబడితే కూడా చెప్పలా."

చెన్నకేశవులు చేతిలో ఉన్న తువ్వాలు అట్లాగే పట్టుకున్నాడు. ఈరక్క పొయ్యి దగ్గర నుంచి లేచి నిలుచుంది. 

"మూడో నాడేనా?" అన్నాడు చెన్నకేశవులు.

"మూడో నాడే."

"నాలుగేళ్ళు నేను తప్పు తూచినానేమో, మీ కట్ట ఏదన్నా నా చేతిలో తగ్గిందేమో అని అనుకుంటా ఉన్నా అమ్మా. నిద్రలో కూడా తూచేవాణ్ణి." గొంతు పెద్దది కాలేదు. "ఈ మాట ఒక్కటి నాకు తెలిసుంటే..."



"మన్నించమని అడగను కేశవా. అడిగే ముఖం లేదు. బేస్తవారం పో. రాళ్ళు ముందు నువ్వే పరీక్ష చేసి మొదలుపెట్టు. ఆయన చూస్తాడు."

"పోతా" అన్నాడు. "పోకుండా ఉంటానా? పిల్లోళ్ళు ఉండారు." తల ఎత్తలేదు.

ఈరక్క మాత్రం గుమ్మం దాకా వచ్చింది. "అన్నం తిని పోతారా?" అంది, ఆమె ముఖం చూడకుండా.

"వద్దు తల్లీ, రైలుంది."

అంగడి పని ఉన్నన్నాళ్ళూ శెట్టి ఇంటి ఆడవాళ్ళు ఎక్కడికి పోయినా చెన్నకేశవులు సంచి మోసుకుని జట్కా దాకా వచ్చేవాడు. ఇవాళ రాలేదు. రావాలని ఆమె కూడా అనుకోలేదు. సంచి తనే భుజాన వేసుకుని స్టేషను వైపు నడిచింది. రోడ్డు దూరమే. కొంత దూరం నడిచి ఒక రాతి మీద కూర్చుంది, మళ్ళీ లేచింది.

ఆ బేస్తవారం చెన్నకేశవులు హిందూపురం పోయాడు. తిమ్మప్ప శెట్టి ఒక రోజంతా తక్కెడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. సాయంత్రం పనిలో పెట్టుకుని, కుర్చీ తీయించేశాడట. ఈ సంగతి రుక్మిణమ్మకు శెట్టి జాబు వల్లే తెలిసింది. చెన్నకేశవులు ఏ జాబూ రాయలేదు. శెట్టి జాబును ఆమె మరిది ముందే వేలు పెట్టి చదివింది. వదిన హిందూపురం పోయింది ఇందుకని చిన్నప్ప అప్పుడు గ్రహించి, టవలు దులుపుకుని, "పెంకులు నేనే దించినానని కూడా చెప్పినావా?" అన్నాడు.

"చెప్పినా."

ఆ పూట ముద్ద రాలేదు. పక్కింటి రామసుబ్బమ్మ సద్ది పెట్టింది. రుక్మిణమ్మ తింది.

సిద్ధమ్మ, అరవై ఏడేళ్ళు, కొత్తచెరువు.